పెద్దల మాట పక్కన పేజీ నంబరు ఉండాలి

పోడు భూముల గురించి ఊళ్ళు తిరిగి, పెద్దలతో మాట్లాడి, నోటుబుక్కుల్లో రాసుకురావడం మన పిల్లలు బాగానే చేస్తున్నారు. ఆ పేజీలు ఫోన్‌లో ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నారు. అసలు పని అక్కడే ఆగిపోతోంది. అరవై ఫోటోలు ఎవరు చదువుతారు? చివరికి ఎవరో ఒకరు కూర్చుని ఒకటిన్నర పేజీ సారాంశం రాస్తారు. అందులో మన పెద్దల మాట ఒక్కటీ మిగలదు. అందుకే నేననేది ఇది: సారాంశంలోని ప్రతి మాట ఏ పేజీ నుంచి వచ్చిందో చూపించలేకపోతే, ఆ కాగితం గ్రామసభ ముందు పెట్టొద్దు.

ఇది పట్టింపు కోసం చెప్పేది కాదు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి భూమి మన సాగులో ఉందని చూపించాలి. ఏవి సాక్ష్యాలో 2008 నియమాల్లో 13వ నియమం చెబుతుంది. క్లెయిం పెట్టినవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాట రాతలో పెడితే అదీ ఒక సాక్ష్యమే. అంటే ఆ నోటుబుక్కు పేజీ ఉత్త కబుర్ల కాగితం కాదు. దాన్ని తప్పుగా చదివితే ఒక కుటుంబం భూమి పోతుంది.

ముందు ఫోటో సంగతి. తీసే ముందే ప్రతి పేజీ పైన ఇంటర్వ్యూ నంబరు, పేజీ నంబరు పెన్నుతో వేయండి. నాలుగో ఇంటర్వ్యూ మూడో పేజీ అయితే 4-3. పగటి వెలుతురులో, పేజీ నాలుగు మూలలూ కనపడేలా తీయండి. కింది వరస తెగిపోవడం, అంచున రాసుకున్న మాట పోవడం ఎక్కువగా జరిగే తప్పులు. ఫోటోలన్నీ వరసగా పెట్టి, ఒక పేజీ చివరి వాక్యం తర్వాతి పేజీ మొదట్లో కలుస్తోందా లేదా చూడండి. కలవలేదంటే మధ్యలో పేజీ పోయిందన్నమాట.

తర్వాత టైపు చేయడం. ఉన్నది ఉన్నట్టే చేయాలి, భాష దిద్దొద్దు. చదవలేని చోట "ఇక్కడ చదవలేకపోయాం" అని రాయండి, ఊహించి నింపొద్దు. అంకెలు మాత్రం ఇద్దరు విడివిడిగా చదవాలి. మసక ఫోటోలో 1995ని 2005గా చదివితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కోడ్ వేయడం. కోడ్ అంటే పెద్ద చదువేం కాదు. మాట్లాడినవాళ్ళ మాటల్లో ఒక ముక్కకి మనం కట్టే చిన్న పేరు, అంతే. గోదావరి ఏజెన్సీ ఊళ్ళలో వినపడే తీరులో నేను కట్టిన ఒక ఉదాహరణ తీసుకుందాం. 4-3 పేజీలో ఒక పెద్దమ్మ ఇలా చెప్పిందనుకోండి: "మా అత్త కాలం నుంచీ ఆ చెలకే దున్నుతున్నం. పెద్ద గోదారి వచ్చిన ఏడు పంట మొత్తం పోయింది. ఆ పై ఏడు ఫారెస్టోళ్ళొచ్చి ట్రెంచి కొట్టిండ్రు. అయినా మేం ఇడ్సిపెట్టలే."

ఇందులో నాలుగు కోడ్లున్నాయి. "అత్త కాలం నుంచీ" అన్నదానికి తరాల సాగు. "పెద్ద గోదారి వచ్చిన ఏడు" అన్నదానికి గుర్తు సంవత్సరం. ట్రెంచికి ఫారెస్టోళ్ళ అడ్డగింత. చివరి మాటకి వదలని సాగు. ప్రతి కోడ్ పక్కన ఏది అందులోకి వస్తుందో, ఏది రాదో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకి ట్రెంచి, కేసు, పంట పీకేయడం అడ్డగింతలోకి వస్తాయి; ఎవరో బెదిరించారని పక్కూరి నుంచి విన్న మాట రాదు. ముందు రెండు ఇంటర్వ్యూలకి ఇద్దరు విడివిడిగా కోడ్ వేసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వచ్చిన చోట ఆ వాక్యాన్ని ఇంకా స్పష్టంగా రాసుకుని, మిగతావి మొదలుపెట్టండి.

పెద్ద గోదారి అంటే 1986 వరద అని మనకి తెలుసు. అయినా ఆ పెద్దమ్మ నోట 1986 అని పెట్టొద్దు. ఆమె మాట ఆమెదిగానే ఉంచి, పక్కన "1986 ఆగస్టు వరద అని మా గుర్తింపు" అని వేరుగా రాయండి. ఆ గుర్తింపు కూడా ఆమెనే అడిగి ఖాయం చేసుకోవాలి, వేరే వరద అయి ఉండొచ్చు కదా.

అంతకంటే పెద్ద ప్రమాదం మన సొంత పెన్నులోనే ఉంది. పెద్దలు "పోడు కొట్టుకున్నం" అంటారు. కాలేజీ తెలుగులో రాసేవాడు దాన్ని "అటవీ భూమిని ఆక్రమించుకున్నారు" అని రాస్తాడు. ఆ ఒక్క మాటతో హక్కు అడగాల్సినవాడు నేరం ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకే కోడ్ పేర్లు వీలైనంత వరకూ వాళ్ళ నోటి మాటల్లోంచే తీయాలి. కోయలో చెబితే కోయ మాట తెలుగు లిపిలో రాసి, కింద తెలుగు అర్థం ఇవ్వండి.

ఒకచోటికి చేరే కోడ్లన్నీ కలిపితే థీమ్ అవుతుంది. "భూమి" అని రాస్తే అది థీమ్ కాదు, అట్ట మీద పేరు. ఏం చెబుతున్నారో అది పూర్తి వాక్యంగా ఉండాలి. మన ఉదాహరణలో ఇలా వస్తుంది:

థీమ్ 1: ట్రెంచి కొట్టినా సాగు ఆగలేదు.
ఎవరు చెప్పారు: 12 మందిలో 9 మంది. వాళ్ళలో క్లెయిం పెట్టనివాళ్ళు 4.
వాళ్ళ మాట: "ట్రెంచి కొట్టిండ్రు. అయినా మేం ఇడ్సిపెట్టలే." (4-3)
వేరే మాట: "రెండేళ్ళు ఇడ్సిపెట్టినం, భయమేసి." (7-2)

ఆఖరి వరస తీసేద్దామని ఎవరో ఒకరు అంటారు. తీయొద్దు. ఆ మాట ఫోటోలో ఉంది కాబట్టి రేపు ఎవరైనా చూపిస్తే మిగతా తొమ్మిది మాటలూ అనుమానంలో పడతాయి. పైగా భయపడి వదిలారంటే, ఆ భయం ఎవరు పెట్టారన్నది మనం చెప్పాల్సిన విషయమే. 12లో 9ని "75 శాతం గ్రామస్తులు" అని కూడా రాయొద్దు. మనం మాట్లాడింది 12 మందితోనే, ఊరందరితో కాదు. క్లెయిం పెట్టనివాళ్ళని ఎందుకు వేరుగా లెక్కపెట్టామో పైన నియమంలో చూశారు. అది వాళ్ళ మాటకే వర్తిస్తుంది.

కోట్ ఒకటి రెండు వాక్యాలు దాటొద్దు. మధ్యలో మాట తీసేస్తే చుక్కలు పెట్టండి. తీసేశాక అర్థం మారిందా లేదా అని ఫోటోతో పోల్చి చూడండి. బయటికి వెళ్ళే సారాంశంలో పేర్లు వద్దు, నంబర్లు చాలు. నంబరు ఎవరిదో చెప్పే జాబితా అటవీ హక్కుల కమిటీ దగ్గర ఉండాలి, వాట్సాప్‌లో కాదు. పేరుతో, సంతకంతో ఇచ్చే పెద్దల వాంగ్మూలం వేరే కాగితం. దానికి వాళ్ళ ఒప్పుకోలు వేరుగా తీసుకోండి.

సారాంశం ఒక్కటే క్లెయింని నిలబెట్టదు, అదీ గుర్తుంచుకోండి. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూడాలని అదే 13వ నియమం చెబుతోంది. పాత చెట్లు, గట్లు, సమాధులు, రికార్డులు దానికి తోడు కావాలి. ఆ సాక్ష్యాల కోసం ఎక్కడ వెతకాలో సారాంశం దారి చూపిస్తుంది.

చివరి మెట్టు మాత్రం వదలొద్దు. గ్రామసభలో థీమ్‌లూ కోట్లూ పైకి చదవండి. "నేనట్లనలే" అని ఎవరైనా అంటే అక్కడే ఫోటో తెరిచి చూడండి, దిద్దండి. మన మాట తీసుకెళ్ళి వాళ్ళ రిపోర్టులు రాసుకున్నవాళ్ళని చాలామందిని చూశాం, తిరిగొచ్చి చదివి వినిపించినవాళ్ళు తక్కువ. ఆ పని మనమన్నా చేద్దాం.

జోహార్.