పూజారిని అడిగే పద్ధతి

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్ళ సామెత. పెద్దవాళ్ళ గది ముందు కూర్చునే పి.ఏ.ల గురించి ఎవరు మాట్లాడినా ఈ మాటే వస్తుంది. నిన్నమొన్నటిదాకా నేనూ అనేవాణ్ణి. ఈ సంవత్సరం సంఘం కార్యదర్శిగా ఆ గడపలు ఎక్కి దిగిన తర్వాత నా అభిప్రాయం మారింది. పూజారి వరమివ్వకపోవడానికి సగం కారణం మనం అడిగే తీరే.

మన వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఒక కంపెనీ మేనేజింగ్ డైరెక్టరుగారిని పిలవాలని తీర్మానించాం. వారి ఆఫీసు అమీర్‌పేటలో, మైత్రీవనానికి కూతవేటు దూరంలో ఉంది. అంతకు ముందు సంవత్సరం అతిథి దొరక్క వేదిక మీద ఖాళీ కుర్చీ వేసుకుని సభ జరిపిన సంగతి మిత్రులు మరచిపోయి ఉండరు. అందుకే ఈసారి పట్టుదలగా నలుగురం కలిసి బయలుదేరాం. మెట్రో దిగి, కోచింగు సెంటర్ల కరపత్రాలు చేతుల్లో కుక్కేవాళ్ళను తప్పించుకుని, ఉదయం పదిన్నరకల్లా ఆయన గది ముందు వాలాం.

"సార్ ఉన్నారా మేడమ్?" అన్నాను.

"మీటింగ్‌లో ఉన్నారు."

"ఎప్పుడు ఖాళీగా ఉంటారండీ?"

"చెప్పలేం బాబూ. ఫోన్ చేసి రండి."

వారం రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేశాం. మూడుసార్లూ మీటింగే. ఈలోగా మావాడొకడు ఎక్కణ్ణించో డైరెక్టరుగారి సొంత సెల్ నంబరు సంపాదించి మెసేజి పెట్టాడు. దానికి జవాబు రాలేదు. మర్నాడు ఆ మేడమ్ దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది: "సార్ నంబరు మీకెవరిచ్చారు?" అంతకు ముందు మేము ఆవిడకి ఎవరమో తెలీదు. ఇప్పుడు తెలిసింది, చెడ్డగా తెలిసింది.

మా మేనమామ ప్రభుత్వ కార్యాలయాల్లో ముప్పై ఏళ్ళు స్టెనోగా, పేషీలో పి.ఏ.గా చేసి రిటైరయ్యాడు. యూసఫ్‌గూడలో వాళ్ళింటికి వెళ్ళి నా గోడు వెళ్ళబోసుకున్నాను. "ఇంతకీ నువ్వేం అడిగావురా?" అన్నాడు. చెప్పాను. మామయ్య నవ్వాడు.

"సార్ ఉన్నారా అని అడిగితే ఆవిడ ఏం చెప్పాలి? ఉన్నారంటే నిన్ను లోపలికి పంపాలి. పంపితే లోపల మాటపడేది నువ్వు కాదు, ఆవిడ. ఎప్పుడు ఖాళీ అంటావా, ఏ పెద్ద ఆఫీసరూ ఖాళీగా ఉండడు. పైగా ఆయన ఎప్పుడు ఎక్కడుంటాడో దారినపోయేవాడికి చెప్పే అధికారం ఆవిడకి లేదు. నువ్వడిగిన రెండు ప్రశ్నలకూ 'కాదు' అన్నదొక్కటే ఆవిడకి క్షేమమైన జవాబు."

తర్వాత ఇంకో మాట అడిగాడు: "అసలు నీకు కావలసిందేమిటి? ఆయన్ని ఆఫీసులో కలవడమా, ఆయన సభకు రావడమా?" నేను నీళ్ళు నమిలాను. కావలసింది ఆయన సాయంత్రం. అడిగింది మాత్రం ఆయన గదిలోకి ప్రవేశం. రెండూ కలిపేసి, అక్కరలేని దాని కోసం వారం రోజులు తిరిగాం.

రామదాసు గోల్కొండ చెరసాల్లోంచి సీతమ్మకు మొరపెట్టుకున్న కీర్తన మనందరికీ తెలిసిందే. తిన్నగా రాముణ్ణే అడగచ్చు కదా? కానీ ఆయన సీతమ్మనే ఆశ్రయించాడు. స్వామి ఏకాంతంగా, ప్రసన్నంగా ఉన్న వేళ చూసి తన మాట చెవిన వెయ్యమన్నాడు. ఏం చెప్పాలో రామదాసుకు తెలుసు, ఎప్పుడు చెప్పాలో సీతమ్మకు తెలుసు. "ఆ వేళ ఎంచే పని ఆవిడకి వదిలెయ్యి, ఆవిడ లోపలికెళ్ళి ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంత మాట నువ్వు తయారుచేసి ఇయ్యి" అన్నాడు మామయ్య.

రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళాను. ఉదయం పది పదిన్నర అంటే తపాలు విప్పుకునే వేళ, సార్ వచ్చే వేళ. అందుకని మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళాను. ముందు సెల్ నంబరు సంగతికి క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత, ఇంటిదగ్గర నాలుగుసార్లు వల్లెవేసుకున్న మాటలు ఇవి:

"మేడమ్, నేను విద్యార్థి సంఘం కార్యదర్శిని. ఇప్పుడు సార్‌ను కలవాలని రాలేదు. మా వార్షికోత్సవానికి ఆయన్ని ముఖ్య అతిథిగా పిలుచుకోవాలనుకుంటున్నాం. వచ్చే నెల రెండో వారంలో మంగళ, గురు, శుక్రవారాల్లో ఏ సాయంత్రమైనా సరే. నలభై నిమిషాలు చాలు. మీకు వీలైనప్పుడు సార్‌ను కనుక్కుని చెప్పించగలరా? వివరాలన్నీ ఈ కాగితంలో ఉన్నాయి. మళ్ళీ ఏ రోజు ఫోన్ చెయ్యమంటారు?"

కాగితం ఒక్క పేజీ. మూడు తేదీలు, వేళ, స్థలం, వేదిక మీద ఇంకా ఎవరుంటారు, సార్ ఏ విషయం మీద మాట్లాడాలి, వెంటబెట్టుకు వచ్చేదెవరు, నా ఫోన్ నంబరు. ప్రిన్సిపాలుగారి సంతకం. ఏ రోజులోగా తెలిస్తే ఆహ్వానపత్రిక అచ్చుకు ఇవ్వగలమో ఆ తేదీ కూడా అడుగున వేశాను.

ఆవిడ డైరీ తెరిచింది! మొదటి రోజు ఆ డైరీ ఉందని కూడా నాకు తెలీదు. "మంగళవారం ఊళ్ళో ఉండరు. గురువారం బోర్డు మీటింగు. శుక్రవారం పెన్సిల్‌తో రాసుకుంటాను. సోమవారం నాలుగు దాటాక ఫోన్ చెయ్యి బాబూ" అంది.

పెన్సిల్ అంటే ఖాయం కాదు. సార్ ఊఁ అన్న తర్వాతే సిరా. అది తెలియక పెన్సిల్ మాటతోనే పత్రికలు అచ్చు వేయించినవాళ్ళు చిక్కుల్లో పడతారు. మేము ఆగాం. సోమవారం ఫోన్ చేస్తే శుక్రవారం ఖాయమైంది, కానీ ఐదు నుంచి ఐదున్నర వరకే. బహుమతి ప్రదానం ముందుకు జరిపి, పాటలూ నాటికా వెనక్కి నెట్టాం. ఆ కుర్చీ ఈసారి ఖాళీగా లేదు.

తప్పించుకునే మాటను ఎలా గుర్తుపట్టాలో కూడా అప్పుడే తెలిసింది. "చూద్దాం" అన్న మాటలో తప్పు లేదు. దాని వెనక ఒక రోజుగానీ, ఒక మనిషి పేరుగానీ, మీ కాగితం తీసుకున్న గుర్తుగానీ ఉందా అన్నదే చూడాలి. మూడూ లేకపోతే అది మర్యాదగా సాగనంపడమే. అప్పుడు గొంతు పెంచితే లాభం లేదు. "సార్‌కు కుదరకపోతే వారి తరఫున ఇంకెవరినైనా పంపే వీలుంటుందా?" అని అడిగితే కాదనడం కూడా ఆవిడకి తేలికవుతుంది, మనకూ రోజులు మిగులుతాయి.

ఈ పద్ధతి అన్నిచోట్లా పారుతుందని నేననను. ఇంకో ఆఫీసులో ఇవే మాటలు, ఇదే కాగితం, రెండు ఫోన్లు చేసినా జవాబు లేదు. మూడో ఫోన్‌తో ఆపేశాం. తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు కావాలని తొక్కిపెట్టే చోట్లు లేకపోలేదు. సందర్శకుల వేళలు బోర్డు మీద రాసిపెడితే సగం మందికి ఈ తిప్పలే ఉండవు, ఆ తప్పు ఆఫీసులదే. కానీ మన వంతు తప్పు మనం దిద్దుకున్నాకే ఎదుటివాళ్ళ తప్పు ఎంతో తెలుస్తుంది.

సభ అయిన మర్నాడు ఆ మేడమ్ పేరుతోనే విడిగా కృతజ్ఞతల ఉత్తరం పంపాం. దాని నకలూ, ఆహ్వానం కాగితం నకలూ సంఘం బీరువాలో ఉన్నాయి. వచ్చే కార్యదర్శి మిత్రుడెవరైనా సరే, మైత్రీవనం వైపు బయలుదేరే ముందు ఒకసారి ఆ ఫైలు తీసి చూడమని మనవి. నలుగురూ కలిసి మాత్రం వెళ్ళకండి.