ముందు ‘ఎన్’ - వెనుక ‘ఎన్’

ఆంగ్ల భాషా పరీక్షలలో ఒక తరహా ప్రశ్న తరచు ఎదురవుతుంది. వాక్యంలో ఒక ఖాళీ ఉంటుంది. పక్కన ఒక నామవాచకం ఇచ్చి ఉంటుంది. దానిని ఉన్నదున్నట్లు ఖాళీలో ఉంచితే వాక్యం అతకదు. ముందు ఒక ఉపసర్గనో, వెనుక ఒక ప్రత్యయాన్నో చేర్చి, ఆ నామవాచకాన్ని క్రియగా గాని విశేషణంగా గాని మార్చి రాయాలి. కేంబ్రిడ్జ్ వారి బి2 ఫస్ట్ పరీక్షలో పఠన, భాషా వినియోగ పత్రపు మూడవ భాగంలో ఇటువంటివి కూడా వస్తాయి: మొత్తం ఎనిమిది ఖాళీలు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క మార్కు. మాట సరైనదే అయినా స్పెల్లింగు తప్పితే ఆ మార్కు దక్కదు.

ఇటువంటి ఖాళీలలో చాలా తికమక పెట్టేది ‘ఎన్’ అనే చిన్న శబ్దం. అది కొన్ని మాటలకు ముందు చేరుతుంది, కొన్నిటికి వెనుక చేరుతుంది. ఉదాహరణకు ఈ వాక్యాన్ని చూడండి: “ది ఇంజనీర్స్ డిసైడెడ్ టు ...... ది బండ్ అండ్ ...... ది ఛానల్, బికాజ్ ది ఫ్లడ్స్ హాడ్ ...... త్రీ విలేజెస్.” ఇచ్చిన మాటలు వరుసగా లెంగ్త్, డెప్త్, డేంజర్. వరదలు మూడు గ్రామాలకు ముప్పు తెచ్చినందువల్ల గట్టును పొడిగించి, కాలువను లోతు చేయాలని ఇంజనీర్లు నిర్ణయించారని భావం.

మొదటి ఖాళీకి ముందు ‘టు’ ఉంది, వెనుక ‘ది బండ్’ అనే కర్మ ఉంది. కనుక అక్కడ కావలసినది క్రియ. లెంగ్త్‌కు వెనుక ‘ఎన్’ చేర్చితే లెంగ్తెన్ అవుతుంది. ఇంతవరకు చిక్కులేదు. ‘అండ్’ చేత జతపడినందున రెండవ ఖాళీలోనూ క్రియే రావాలి. లెంగ్త్‌ను లెంగ్తెన్ చేసిన చేయి, డెప్త్‌ను డెప్తెన్ అని రాయబోతుంది. అటువంటి మాట ఆంగ్లంలో లేదు. సరైన జవాబు డీపెన్. విడ్త్ ఇచ్చినా ఇంతే: విడ్తెన్ కాదు, వైడెన్. బ్రెడ్త్ ఇస్తే బ్రాడెన్.

ఈ తేడా ఆంగ్లేయుల చాపల్యమని చాలామంది అనుకుంటారు. నిజానికి దీని వెనుక చక్కని ధ్వనిసూత్రం ఒకటి ఉంది. ఈ ప్రత్యయం సహజంగా చేరేది విశేషణానికే. అదైనా ఆ విశేషణం ప, ట, క, డ, ఫ, స వంటి ధ్వనితో, అంటే నోటిలో గాలికి అడ్డుపడే ధ్వనితో ముగిసినప్పుడే. డీప్, వైడ్, బ్రాడ్ అటువంటివి. కనుక డీపెన్, వైడెన్, బ్రాడెన్ నేరుగా ఏర్పడ్డాయి. నామవాచకంతో వాటికి పనిలేకపోయింది. లాంగ్, స్ట్రాంగ్ అనే మాటలను ఆంగ్లేయుడు పలికేటప్పుడు చివర ‘గ’కారం వినిపించదు, అనునాసిక ధ్వని మాత్రమే ఉంటుంది. హై అన్న మాట అచ్చుతోనే ముగుస్తుంది. ఈ మూడింటికీ ప్రత్యయం అతకదు. అందుకే భాష వాటి నామవాచకాలను ఆశ్రయించింది. లెంగ్త్, స్ట్రెంగ్త్, హైట్ అనేవి అడ్డుధ్వనితో ముగుస్తాయి కాబట్టి లెంగ్తెన్, స్ట్రెంగ్తెన్, హైటెన్ పుట్టాయి.

రంగుల పేర్లలో ఈ సూత్రం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. బ్లాకెన్, వైటెన్, రెడెన్ ఉన్నాయి. గ్రీన్, బ్లూ, బ్రౌన్, ఎల్లో అనే వాటికి ఆ రూపం లేనే లేదు. అయితే సూత్రం చెప్పేది ప్రత్యయం ఎక్కడ చేరదో మాత్రమే. అడ్డుధ్వనితో ముగిసిన ప్రతి మాటకూ అది చేరి తీరుతుందని కాదు. కోల్డ్ ‘డ’కారంతో ముగిసినా కోల్డెన్ లేదు. వార్మ్త్ ఇచ్చిన చోట పరిస్థితి మరీ విచిత్రం: వార్మ్ అన్న విశేషణం ‘మ’కారంతో ముగుస్తుంది కాబట్టి ప్రత్యయం చేరదు, ఏమీ చేర్చకుండా వార్మ్ అనే రాయాలి. ఇచ్చిన మాటకు ఏదో ఒకటి చేర్చకుంటే జవాబు కాదనే అపోహ వల్ల ఇటువంటి చోట మార్కు పోతుంది.

ఇక మూడవ ఖాళీ. ‘హాడ్’ తరువాత వచ్చేది భూతకాలపు రూపం కావాలి. డేంజరస్ అన్నది అందరికీ తెలిసిన మాట; కాని అది విశేషణం, త్రీ విలేజెస్ అనే కర్మను మోయలేదు. ఇక్కడ ‘ఎన్’ ముందు చేరి, చివర ‘ఎడ్’ కూడా కలిసి, ఎన్‌డేంజర్డ్ అవుతుంది. రెండు ‘ఎన్’లూ రాతలో ఒక్కటే అయినా పుట్టుక వేరు. వెనుక చేరేది పాత ఇంగ్లీషు సొత్తు. ముందు చేరేది లాటిన్ నుండి ఫ్రెంచి ద్వారా వచ్చింది. దాని మూలార్థం ‘లోపల’. ఎన్‌డేంజర్ అంటే ప్రమాదంలో పడవేయడం, ఎన్‌సర్కిల్ అంటే వలయంలో ఉంచడం. ఎన్‌కరేజ్‌లో దిక్కు మారుతుంది: మనిషిని ధైర్యంలో ఉంచడం కాదు, ధైర్యాన్ని మనిషిలో ఉంచడం. ఎంపవర్ కూడా అటువంటిదే.

ఎంపవర్, ఎంబాడీ అనే మాటలలో ‘ఎన్’ కాస్తా ‘ఎమ్’ అయిందేమని తెలుగు వారికి వివరించనవసరం లేదు. ‘సంతోషం’లోని సున్నను నకారంగా పలికే నాలుకే ‘సంపద’లోని సున్నను మకారంగా పలుకుతుంది. ప, బ ధ్వనులకు ముందు పెదవులు ముందుగానే మూసుకుంటాయి. మనం రెండు చోట్లా సున్నే పెడతాము. ఆంగ్లంలో మాత్రం అక్షరం కూడా మారుతుంది. స్పెల్లింగు దోషాలు పుట్టేది ఇక్కడే.

విశేషణం కావలసిన ఖాళీలో ఇవన్నీ పొరలుపొరలుగా చేరవచ్చు. “ది ప్లేయర్స్ ఫెల్ట్ ...... ఆఫ్టర్ దెయిర్ థర్డ్ డిఫీట్”, ఇచ్చిన మాట హార్ట్. హార్ట్‌లెస్ అని రాస్తే ఆటగాళ్ళు నిర్దయులైపోతారు. మూడవసారి ఓడినవారికి కలిగేది నిరుత్సాహం. హార్ట్‌కు ‘ఎన్’ చేర్చి హార్టెన్ అనే క్రియ చేసి, ముందు వ్యతిరేకార్థపు ‘డిస్’, చివర ‘ఎడ్’ ఉంచితే డిస్‌హార్టెన్డ్ అవుతుంది. వ్యతిరేకార్థం కావాలని చెప్పిన మాట ఖాళీ పక్కన లేదు, వాక్యం చివర ఉంది. డిఫీట్ దాకా చదవనివారికి అది దొరకదు. ఎన్‌కరేజ్ సంగతి వేరు. దానికి ‘డిస్’ చేరితే ‘ఎన్’ తప్పుకొని చోటిస్తుంది: డిస్‌కరేజ్.

అక్కడ డిస్‌హార్టెనింగ్ ఎందుకు కాకూడదన్న సందేహానికి తెలుగే జవాబు చెబుతుంది. ఫ్రైట్ అంటే భయం. ఫ్రైటెన్ అంటే భయపెట్టు. ఫ్రైటెనింగ్ స్టోరీ భయపెట్టే కథ, ఫ్రైటెన్డ్ చైల్డ్ భయపడిన పిల్ల. ఖాళీలోని విశేషణం ఎవరిని గురించినదో చూసి, వారు పెట్టేవారా, పడినవారా అని తెలుగులో అడిగితే చాలు. ఓడిన ఆటగాళ్ళు నిరుత్సాహపడినవారు; వారిని నిరుత్సాహపరచినది ఆ ఓటమి. అందువల్ల డిఫీట్‌కు ముందే ఖాళీ ఉంటే, అదే హార్ట్ అనే మాట డిస్‌హార్టెనింగ్ అవుతుంది.