తడి ఎక్కడిదో తేలేదాకా

తొమ్మిదో నెలలో చీర తడిసిందంటే ఇంట్లో మొదట వినిపించే మాట, "నొప్పులు రాలేదుగా, పొద్దున చూద్దాం." ఈ మాటే ప్రమాదమని నా వాదన. నెలలు నిండిన గర్భిణుల్లో నూటికి ఎనిమిది నుంచి పది మందికి నొప్పుల కంటే ముందే ఉమ్మనీరు పోతుంది. సినిమాల్లోలాగా అది ఒక్కసారిగా కుమ్మరించినట్టు రావాలనేమీ లేదు. కొందరికి లోపల ఏదో చిట్లినట్టు అనిపించి, తొడల మీదుగా గోరువెచ్చని నీరు జారుతుంది. సంచికి పైభాగాన చిన్న చిల్లు పడితే, బిడ్డ తల కింద బిరడాలా అడ్డుపడితే, లేచినప్పుడల్లా నాలుగు చుక్కలే వస్తాయి. పెరిగిన గర్భసంచి మూత్రాశయాన్ని నొక్కుతుంది కాబట్టి దగ్గినా తుమ్మినా మూత్రమూ అలాగే జారుతుంది. తికమకంతా ఇక్కడే.

ముప్పై ఎనిమిదో వారంలో ఉన్న ఒకామెకు రాత్రి రెండింటికి పక్క తడిసిందనుకుందాం. ముందు గడియారం చూసి వేళ రాసుకోవాలి. మూత్రానికి వెళ్లొచ్చి, పొడిగా తుడుచుకుని, తెల్లటి శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని అరగంట పక్కకు తిరిగి పడుకోవాలి. తర్వాత లేచి నిలబడాలి. పడుకున్నప్పుడు లోపల చేరిన ఉమ్మనీరు అప్పుడు ఒక్కసారిగా దిగుతుంది. మూత్రద్వారం బిగబట్టినా అది ఆగదు. రంగు నీళ్లలా, లేదా లేత గడ్డి రంగులో, ఒక్కోసారి గులాబీ జీరతో ఉంటుంది. మూత్రంలో ఉండే ఘాటు వాసన దీనికి ఉండదు. ప్యాడ్ తడిస్తే ఆస్పత్రికి బయలుదేరాలి. పొడిగా ఉన్నా తడి మళ్లీ మళ్లీ వస్తుంటే కూడా వెళ్లాల్సిందే, ఎందుకంటే ఈ పరీక్ష అనుమానాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీర్చదు. నీరు పచ్చగానో గోధుమరంగులోనో ఉన్నా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, ముప్పై ఏడు వారాలు నిండకపోయినా ఈ అరగంట కూడా ఆగకూడదు.

"తొందరపడి వెళితే కోసేస్తారు" అంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవైకి పైగా కాన్పులు సిజేరియన్లే. కానీ ఉమ్మనీరు పోవడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. తల్లీబిడ్డా బాగుంటే నొప్పుల కోసం కొంతసేపు చూడవచ్చు, మందుతో రప్పించనూవచ్చు. సగానికి పైగా స్త్రీలకు ఒక రోజులోపే వాటంతటవే మొదలవుతాయి. అందుకే ఆస్పత్రిలో, "ఇప్పుడే ఎందుకు, ఆగితే ఏమవుతుంది?" అని అడగాలి. ఇంట్లో గంటలు గడిచేకొద్దీ మాత్రం లోపలికి ఇన్ఫెక్షన్ పాకే అవకాశం పెరుగుతుంది, అప్పుడు ఎంచుకునే వీలే తగ్గిపోతుంది. తీరా అది మూత్రమే అయితే? డాక్టర్ స్పెక్యులమ్ పెట్టి చూసి చెబుతారు, ఇంటికి పంపుతారు. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఆస్పత్రికి చేరేలోగా లోపల ఎవరినీ వేలు పెట్టనివ్వకూడదు, కలయిక వద్దు, తడిసిన ప్యాడ్ పారేయకుండా డాక్టర్‌కు చూపించాలి. నీటితోపాటు బొడ్డుతాడు జారినట్టు కనిపిస్తే లేచి నడవకూడదు, తాడును ముట్టకూడదు; మోకాళ్ల మీద వంగి, ఛాతీ పరుపుకు ఆనించి, నడుము ఎత్తుగా ఉంచి, పక్కవాళ్ల చేత వెంటనే 108కి ఫోన్ చేయించాలి.