మీ ‘చ’కి రెండు పలుకులుంటే భాష, మా ‘స’కి మూడుంటే యాసా?



ఉట్నూరు నుంచి సీతంపేట దాకా హాస్టళ్లలో చదువుకున్న మనందరం రెండు మాటలు విన్నవాళ్లమే. తెలుగు మాట్లాడితే "మీకు ఉచ్చారణ రాదు, ముందు నోరు తిప్పడం నేర్చుకోండి" అంటారు. మన భాష మాట్లాడితే "అదేం భాష, ఊరికో రకంగా పలుకుతారు, ఉప్పుకే మూడు పేర్లు" అంటారు. ఈ రెండూ అనేవాళ్లకి తమ నోట్లో ఏం జరుగుతుందో తెలీదని మేం అంటున్నాం. ఊరికే అనడం కాదు, చూపించి చెప్తాం. చదువుతూ పైకి పలికి చూడండి, చాలు.

"దాచు" అనండి. తర్వాత "దాచి" అనండి. మళ్లీ నెమ్మదిగా, నాలుక ఎక్కడ తగులుతుందో గమనిస్తూ అనండి. "దాచు" అన్నప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక తగులుతుంది, శబ్దం ‘త్స’కి దగ్గరగా ఉంటుంది. "దాచి" అన్నప్పుడు నాలుక మధ్యభాగం లేచి అంగిటికి తగులుతుంది. అంటే ఒకే క్రియలో, ఒకే అక్షరం దగ్గర, రెండు వేర్వేరు శబ్దాలు పుట్టాయి. చాప–చేప, మంచం–మంచి, చుట్టం–చీమ జంటల్లోనూ ఇదే తేడా. ‘జ’ది కూడా ఇదే దారి: జొన్న, జుట్టు ఒక రకం, జీలకర్ర, జేబు ఇంకో రకం. మీ ఊళ్లో సాప, సూడు అంటారనుకోండి, అక్కడ ఈ తేడా సరిగ్గా దొరక్కపోవచ్చు. అప్పుడు కోస్తా వైపు పెద్దవాళ్లని ఈ మాటలే పలకమని అడిగి వినండి.

ఎందుకిలా అవుతుంది? ఇ, ఎ పలకాలంటే నాలుక ముందుకి జరిగి అంగిటి వైపు లేవాలి. నాలుక సోమరిది. వెనకాల వచ్చే అచ్చు కోసం ముందే లేస్తుంది కాబట్టి ‘చ’ కూడా అంగిటి దగ్గరే పడుతుంది. అ, ఉ, ఒ ముందున్నప్పుడు ఆ అవసరం లేదు, కాబట్టి పళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఇది ఎవరూ బడిలో నేర్పిన సూత్రం కాదు. తల్లి ఒళ్లో నేర్చుకున్నదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇవి రెండు శబ్దాలా, ఒకటా? దీన్ని తేల్చడానికి భాషాశాస్త్రంలో రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది: ఒకదాని చోట ఇంకోటి పెడితే వేరే మాట అవుతుందా? "పాట"లో ప తీసి బ పెడితే "బాట" అవుతుంది, అర్థమే మారిపోయింది. "కాలి", "గాలి" కూడా అంతే. కాబట్టి ప, బ వేర్వేరు. కానీ "చీమ"ని పళ్ల దగ్గరి శబ్దంతో "త్సీమ" అని పలికితే వినేవాడికి వింతగా ఉంటుంది, నవ్వుతాడు కూడా, కానీ వాడికి తట్టేది చీమే, ఇంకో పురుగు కాదు. రెండో ప్రశ్న: ఏది ఎక్కడ వస్తుందో ముందే చెప్పగలమా? చెప్పగలం. ఇ, ఎ ముందు ఒకటి, అ, ఉ, ఒ ముందు ఇంకోటి. ఒకటి ఉన్నచోట రెండోది రాదు.

అర్థం మారలేదు, చోట్లు పంచుకున్నాయి. అలాంటప్పుడు అవి ఒకే శబ్దం కింద లెక్క. మనసు ఒకటిగా లెక్కపెట్టుకునే ఆ శబ్దాన్ని ఫోనీమ్ అంటారు. చోటుని బట్టి నోట్లో అది తీసుకునే రూపాల్ని అల్లోఫోన్లు అంటారు. పొలంలో తువ్వాలు తలకి చుట్టుకున్నా, సంతలో భుజాన వేసుకున్నా మనిషి ఒకడే కదా.

ఈ సూత్రానికీ ఒక హద్దుంది, అదీ చెప్పుకోవాలి. చంద్రుడు, చక్రం లాంటి సంస్కృతం మాటల్లో ‘అ’ ముందు కూడా అంగిటి ‘చ’నే పలుకుతారు. "చలి"లో పళ్ల ‘చ’, "చక్రం"లో అంగిటి ‘చ’. బయటి మాటలు వచ్చి చేరాక చోట్ల పంపకం చెదిరింది. అందుకే పాత నిఘంటువుల్లో పళ్ల శబ్దాలకి ౘ, ౙ అని గుర్తు పెట్టి వేరుగా చూపించారు. అల్లోఫోన్లు కాలం గడిచేకొద్దీ విడి కాపురం పెట్టడం ఇలాగే మొదలవుతుంది. అయినా మామూలు రాతలో ఒక్క ‘చ’తోనే సరిపెట్టుకుంటున్నారు, ఎవరికీ ఇబ్బంది రాలేదు. "ఒక్క అక్షరానికి రెండు పలుకులా, ఇదేం భాష" అని తెలుగుని ఎవరూ వెక్కిరించలేదు.

ఇంకో సంగతి. ఏ తేడా లెక్కలోకి వస్తుందో భాష భాషకీ మారుతుంది. ఇంగ్లండువాళ్లు "పిన్" అన్నప్పుడు నోటి ముందు సన్న కాగితం పెడితే కదులుతుంది, అంత గాలి వస్తుంది. "స్పిన్" అన్నప్పుడు కాగితం దాదాపు కదలదు. మొదటిది ఒత్తు పెట్టిన ‘ప’లా, రెండోది మామూలు ‘ప’లా ఉంటుంది. తెలుగు బడిలో ఆ తేడాకి రెండు అక్షరాలున్నాయి. ఇంగ్లిషువాళ్లకి మాత్రం అది ఒక్క p. తేడా ఉందని చెప్పినా చాలామంది నమ్మరు. వాళ్ల చెవులు మొద్దువి కావు. మాట అర్థాన్ని మార్చని తేడాని పట్టించుకోకుండా ఉండటం చెవి చిన్నప్పుడే నేర్చుకుంటుంది.

ఇక మొదటి నింద దగ్గరికి వద్దాం. మన పిల్లవాడు "బాష" అన్నాడని క్లాసంతా నవ్వుతుంది. మనలో చాలామందిమి ఆ నవ్వు తిన్నాం. సరే, పైన చెప్పిన మొదటి ప్రశ్నే అడుగుదాం: "బాష" అంటే ఇంకే మాటైనా అయ్యిందా? కాలేదు. బ, భ మారితే అర్థం మారే జంట కావాలంటే "బావి–భావి" దాకా వెళ్లాలి, అందులో "భావి" పుస్తకంలో మాట. వత్తక్షరాలు తెలుగులోకి ఎక్కువగా సంస్కృతంతో వచ్చాయి. నవ్విన పిల్లల ఇళ్లలో కూడా "కర్చు", "పలారం", "బయం" అనే అంటారు. కాబట్టి పుస్తకాల తెలుగులో భ విడి ఫోనీమే, ఒప్పుకుంటాం. ఇంటి తెలుగులో చాలామందికి అది లేదు. పరీక్షలో "భాష" అనే రాయాలి, అది రాత నియమం, నేర్చుకుంటాం. కానీ "బాష" అన్నవాడికి నోరు తిరగదని అంటే అది అబద్ధం. వాడి తప్పు ఏమైనా ఉంటే అది స్పెల్లింగుది. నాలుకది కాదు, బుర్రది అసలే కాదు.

రెండో నింద, ఉప్పు. గోండీలో ఉప్పుని కొన్ని ప్రాంతాల్లో సోవర్ అని, కొన్నిచోట్ల హోవర్ అని, ఇంకొన్నిచోట్ల ఓవర్ అని అంటారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇవి ‘చ’ లాంటి అల్లోఫోన్లు కావు. ఒకే మనిషి నోట్లో చోటుని బట్టి మారేవి కావు, ప్రాంతాన్ని బట్టి మారేవి. కానీ వీటిలోనూ క్రమం ఉంది. మాట మొదట్లో ఉన్న స కొన్నిచోట్ల హ అయింది, ఇంకొన్నిచోట్ల ఆ హ కూడా పోయింది. ఉప్పులోనే కాదు, ఇంకా చాలా మాటల్లో అదే మెట్ల మీదుగా దిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో ప్రత్యేకంగా ఈ మార్పు మీదే పరిశోధన వ్యాసం అచ్చువేశారు. ఊరికో రకం అని నవ్వేవాళ్లకి ఇంకో మాట: తెలుగు "ఉప్పు" కూడా మొదటి శబ్దం పోగొట్టుకున్న మాటే. మూల ద్రావిడంలో దానికి ముందు ‘చ’ ఉండేది, పర్జీ భాషలో ఇప్పటికీ అది "చుప్". మీరు ఎప్పుడో దిగిపోయిన మెట్టు మీద మా ఊళ్లు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. అందులో నవ్వడానికేం ఉంది?

ఇదంతా మాటకి మాట అనుకోవద్దు. మన భాషల్లో వాచకాలు తెలుగు లిపిలో తయారవుతున్నాయి, ఇంకా అవుతాయి. తెలుగు చెవితో మన మాటలు విని రాస్తే తప్పు రెండు వైపులా జరుగుతుంది. మొదటిది, ఉన్న తేడాని చెరిపేయడం. పాత తెలుగులో దున్నే "ఏరు" వేరు, పారే "ఏఱు" వేరు. ఇప్పటి తెలుగు పలుకులో రెండూ ఒకటే అయిపోయాయి, ఱ చాలామందికి తెలీదు కూడా. కానీ కొండ (కూబి) భాషలో రెండు ‘ర’ల తేడా బతికే ఉంది. కృష్ణమూర్తి గారు ఆ భాష మీద 1969లో పుస్తకమే రాశారు. ఇవాళ్టి తెలుగు చెవి ఉన్నవాళ్లు ఆ రెండింటికీ ఒక్క ‘ర’ రాసేస్తే కూబి పిల్లలకి వేర్వేరు మాటలు కాగితం మీద ఒకటైపోతాయి. రెండోది, లేని తేడాని నెత్తిన పెట్టడం. ఒక భాష ఇంటి మాటల్లో ఖ, ఘ, ఛ, ఝ దేన్నీ మార్చకపోయినా, తెలుగు వర్ణమాల మొత్తం మొదటి పేజీలో అచ్చువేసి, వాటికి మాటలు దొరక్క తెలుగు మాటలే బొమ్మలతో పెట్టడం.

అందుకే వాచకం కమిటీల్లో కూర్చునే మన అన్నలకి, అక్కలకి ఒక్కటే చెప్తున్నాం. అక్షరాల పట్టిక ముందు పెట్టుకోకండి. మాటలు ముందు పోగెయ్యండి. ఇంట్లో మన భాషే మాట్లాడే అవ్వని, తాతని కూర్చోబెట్టి, ఒక్క శబ్దం తేడాతో ఉన్న జంటలు వెతకండి. "ఇవి ఒకటేనా, వేరా" అని వాళ్లనే అడగండి, మీ చెవిని నమ్మకండి. వేరు అంటే తెలుగులో ఉన్నా లేకపోయినా దానికి ఒక అక్షరమో గుర్తో కావాలి. ఒకటే అంటే, ఎక్కడ ఏది వస్తుందో రాసి చూసుకుని ఒక్క అక్షరంతో సరిపెట్టండి. మిగతాది పిల్లల నాలుకే చూసుకుంటుంది, "దాచు–దాచి" చూసుకున్నట్టే. ప్రాంతాల తేడా వస్తే ఏదో ఒక ఊరి పలుకుని ‘శుద్ధం’ అని ప్రకటించకండి. సోవర్ అనే ఊరికి సోవర్, ఓవర్ అనే ఊరికి ఓవర్, పక్కన రెండోది చిన్న అక్షరాల్లో పెడితే సరిపోతుంది.

ఇక క్లాసులో నవ్వేవాళ్లకి: ఈసారి ఎవరినైనా "తప్పు పలికావు" అనే ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. వాడు పలికింది ఏ వేరే మాట అయ్యింది? ఆ మాట చూపించండి, దిద్దుకుంటాం. చూపించలేకపోతే "చాప" అని ఒకసారి, "చేప" అని ఒకసారి అని, మీ నాలుక ఎక్కడుందో చూసుకోండి.

జోహార్.