కో-పే అంటే దోపిడీ కాదు



మన గ్రూప్ మెడిక్లెయిం రెన్యువల్‌కి వచ్చింది. "ప్రీమియం కట్టిన తర్వాత మళ్ళీ చేతి డబ్బెందుకు? కో-పే అంటే దోపిడీ" అని కొందరు రాస్తున్నారు. కో-పే ఉండాలనే మేము కొందరం దీనికి జవాబు చెప్పాలి.

ఒకరికి జ్వరం వచ్చిందనుకుందాం. ఇంట్లోనే ఉండి డాక్టరుకి చూపించుకుంటే టెస్టులు, మందులు కలిపి 3,000 రూపాయలు. అది మన జేబులోంచే పోవాలి, ఎందుకంటే సాధారణంగా 24 గంటలు అడ్మిట్ అయితేనే క్లెయిం వస్తుంది. రెండు రోజులు అడ్మిట్ అయితే బిల్లు 30,000, కానీ మనకి ఖర్చు సున్నా. అప్పుడు "అడ్మిషన్ అవసరమా?" అని ఎవరడుగుతారు? మనమూ అడగం, ఆసుపత్రీ అడగదు. ఇది మోసం కాదు. ఖర్చు తనది కానప్పుడు మనిషికి జాగ్రత్త తగ్గుతుంది, అంతే. ఇన్సూరెన్స్‌వాళ్ళు దీన్నే మోరల్ హజార్డ్ అంటారు. ఆ 30,000 ఎక్కడికీ పోదు. గ్రూప్ పాలసీలో ఈ ఏడు క్లెయిములు చూసే వచ్చే ఏటి ప్రీమియం వేస్తారు. ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళూ అందులో వాటా కట్టాలి.

ఇప్పుడు లెక్క మార్చి చూడండి. 10 శాతం కో-పే ఒక్కటే పెడితే అడ్మిషన్‌కి మన వాటా 3,000. ఇంట్లో వైద్యానికీ అంతే కాబట్టి మార్పేమీ రాదు. మొదటి 5,000 మనదే అనే డిడక్టిబుల్ పెట్టి, మిగతా 25,000 మీద 10 శాతం కో-పే వేస్తే మన వాటా 7,500 అవుతుంది. అప్పుడు "డాక్టరుగారూ, ఇంట్లో ఉంటే సరిపోదా?" అని నోరు తెరిచి అడుగుతాం. మాకు కావలసింది ఆ ఒక్క ప్రశ్నే.

ఎదుటివాళ్ళ మాటలోనూ నిజముంది. బైపాస్ ఆపరేషన్ ఉచితమని ఎవరూ చేయించుకోరు. 4 లక్షల బిల్లుకి ఇదే లెక్కన 44,500 కట్టమంటే జాగ్రత్త పెరగదు, అప్పు పెరుగుతుంది. 1970లలో అమెరికాలో రాండ్ సంస్థ మొదలుపెట్టిన పెద్ద ప్రయోగంలోనూ ఇదే తేలింది. చేతి డబ్బు కట్టినవాళ్ళు వైద్యం తక్కువ వాడారు, సగటు మనిషి ఆరోగ్యం చెడలేదు. కానీ వాళ్ళు అవసరమైన వైద్యాన్ని కూడా తగ్గించుకున్నారు. బీపీ ఉన్న పేదలకి ఉచిత వైద్యమే మేలు చేసింది.

అందుకే మేమడిగేది ఇది: 5,000 డిడక్టిబుల్, ఆపైన 10 శాతం కో-పే, కానీ ఒక కుటుంబం ఏడాదికి కట్టేది మొత్తం 25,000 దాటకూడదు. ఈ హద్దు పాలసీ కాగితంలోనే రాసివ్వాలి, నోటిమాట చాలదు. హద్దు లేని కో-పేకి మేమూ ఓటు వెయ్యం. అసలు కో-పేనే వద్దనేవాళ్ళు, పెరిగే ప్రీమియం ఎవరు కట్టాలో మీటింగులో చెప్పండి.