తగ్గింపు ఎవరి ఖాతాలోకి?

తిరుపతిలో మధ్యాహ్నం రెండు గంటలైతే, వేసవిలో న్యూజెర్సీలో తెల్లవారుజామున నాలుగున్నర. ఆ వేళప్పుడు ఊరి నుంచి ఫోను వస్తే సంగతేమిటో మనలో చాలామందికి వినకముందే తెలుసు. "అనా, అమ్మను ఇంటికి పంపించేస్తామంటా ఉండారు. ఇన్సూరెన్సు పోగా ఇంకా పందొమ్మిదివేల నాలుగొందల తొంభై కట్టమంటా ఉండారు. కట్టేసేదా?" మనం "కట్టేయ్‌రా" అని డబ్బు పంపి మళ్లీ పడుకుంటాం. ఇక్కడి ఆసుపత్రి బిల్లులకు అలవాటు పడిన కళ్లకు అది ఒక లెక్కలోకి రాదు. కానీ లెక్కలోకి రానంత చిన్నదైనా లెక్క తప్పితే తప్పే. అందుకే ఈ సంచిక సంపాదకీయం ఒక బిల్లు లెక్క. అంకెలు అర్థం కావడానికి వీలుగా గుండ్రం చేశాం, ఆసుపత్రి మాత్రం ఏదైనా అనుకోండి.

పేషెంటు అరవై ఎనిమిదేళ్ల తల్లి, జబ్బు న్యుమోనియా. సోమవారం రాత్రి పదీ నలభైకి చేర్చారు, శనివారం మధ్యాహ్నం రెండింటికి డిశ్చార్జ్. పాలసీ రెండు లక్షలది. అందులో గదికి రోజుకు 4,000 రూపాయల పరిమితి, కో-పే 5 శాతం. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలోనూ కో-పే ఇంతే. తీసుకున్న గదికి నర్సింగ్‌తో కలిపి రోజుకు 5,000. మొత్తం బిల్లు 1,20,000. గది ఆరు రోజులకు 30,000, డాక్టరు విజిట్లు ఆరుకు 6,000, రక్తపరీక్షలు, సీటీ స్కాన్ వగైరా 40,000, మందులు, సూదులు 41,000, ఇతరాలు 3,000.

ముందు రోజులు చూద్దాం. సోమవారం, మంగళవారం అంటూ వేళ్ల మీద లెక్కపెడితే శనివారానికి ఆరు వస్తాయి. ఇరవై నాలుగు గంటలకొక రోజని లెక్కపెడితే నాలుగు రోజుల పదిహేను గంటల ఇరవై నిమిషాలు, అంటే ఐదు రోజులు. కొన్ని ఆసుపత్రుల్లో లాడ్జిలో మాదిరి మధ్యాహ్నం పన్నెండుకు రోజు మారుతుంది. అప్పుడు శనివారం ఆ రెండు గంటలకు సగం రోజో, పూర్తి రోజో పడుతుంది. ఏ పద్ధతి సరైనదని వాదించడం దండగ. ఆసుపత్రి తన పద్ధతి ఏదని చేర్చుకునే రోజు కాగితం మీద రాసిందో, బిల్లు అదే పద్ధతిలో ఉండాలి, అంతే. మన బిల్లులో ఆసుపత్రి రాసుకున్నది ఇరవై నాలుగు గంటల పద్ధతి, వేసింది క్యాలెండరు పద్ధతి. కాబట్టి ఒక రోజు ఎక్కువ పడింది. ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజును కూడా ఇలాగే చూసుకోవాలి. ఒకే మనిషికి ఒకే రోజున ఐసీయూ మంచమూ, వార్డు మంచమూ రెండూ బిల్లులో పడుతుంటాయి.

ఒక రోజు ఎక్కువైతే ఐదు వేలతో పోదు, డాక్టరు విజిట్‌ను కూడా వెంట తెచ్చుకుంటుంది. విజిట్లు లెక్కపెట్టాల్సింది రోజుల మీద కాదు, కేస్‌షీటులో డాక్టరు రాసిన నోట్సు మీద. సోమవారం రాత్రి చూసింది డ్యూటీ డాక్టరు. పెద్ద డాక్టరు మంగళవారం నుంచి శనివారం దాకా ఐదుసార్లే వచ్చారు. గదికి 5,000, విజిట్‌కు 1,000 తగ్గాయి.

గది లెక్కలో ఇంకొక మెలిక ఉంది. డాక్టరు పొద్దున పదింటికే పంపించేయమన్నా, కంపెనీ నుంచి ఫైనల్ అప్రూవల్ రావడానికి సాయంత్రం అయిందనుకోండి, ఆ సాయంత్రానికి ఇంకొక రోజు అద్దె పడుతుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఆసుపత్రి డిశ్చార్జ్ కోరిన మూడు గంటల్లో కంపెనీ తేల్చేయాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసేదేదైనా కంపెనీయే భరించాలి. దీన్ని రుజువు చేయడానికి ఆసుపత్రి టీపీఏ డెస్కు అప్రూవల్ కోసం పంపిన మెయిల్ సమయం ఒక్కటి చాలు. దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోమని మీవాళ్లకు చెప్పండి.

మందుల దగ్గరికి వద్దాం. ఆసుపత్రి ఫార్మసీ బిల్లు పేజీలకు పేజీలు ఉంటుంది, పేర్లు సగం అర్థం కావు. అన్నీ చూడనక్కరలేదు. ఖరీదైన ఇంజెక్షన్ ఒక్కటి పట్టుకోండి. మన బిల్లులో ఒక యాంటీబయాటిక్ వయల్ 500 రూపాయల చొప్పున పద్నాలుగు ఉన్నాయి. నర్సులు నింపే మందుల చార్టులో అదే ఇంజెక్షన్ వరుస చూస్తే, పొద్దునా రాత్రీ గళ్లలో పొట్టి సంతకాలు కనిపిస్తాయి. సోమవారం రాత్రి ఒకటి, మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఎనిమిది, శనివారం పొద్దున ఒకటి. మొత్తం పది. మిగతా నాలుగూ వార్డు నుంచి ఫార్మసీకి వెనక్కి పోయే ఉంటాయి. పోతే వాటికి రిటర్న్ బిల్లు ఉండాలి, ఆ మొత్తం మొదటి బిల్లులోంచి తీసేసి ఉండాలి. ఇక్కడ తీయలేదు. అది 2,000. ఇందులో మోసం ఉందనుకోనక్కరలేదు. వార్డు ఒకచోట, ఫార్మసీ ఒకచోట, బిల్లింగ్ ఒకచోట ఉన్నప్పుడు రిటర్న్ చీటీ మధ్యలో ఆగిపోవడం మామూలే. అడిగితే చాలావరకు సరిచేస్తారు. అయితే డిశ్చార్జ్‌కు ముందే అడగాలి. కంపెనీకి ఫైనల్ బిల్లు వెళ్లిపోయాక ఒక్క అంకె కదపాలన్నా మళ్లీ మొదటి నుంచి రావాలి. ఈ పనికి ముందురోజు సాయంత్రం ఇంటరిమ్ బిల్లు అడిగి తీసుకోవడమే మంచి వేళ.

ఇతరాలని వేసిన 3,000లో తోడుగా ఉన్నవాళ్ల భోజనం, థర్మామీటరు, నెబ్యులైజేషన్ కిట్ ఉన్నాయి. ఇలాంటివి బీమా చెల్లించని వస్తువుల జాబితాలోనివే, మనమే కట్టుకోవాలి. అయితే అదే ఐఆర్‌డీఏఐ జాబితాల్లో ఇంకొక రకం ఉంది. ఫైల్ ఓపెనింగ్, డాక్యుమెంటేషన్, అడ్మిషన్ కిట్ లాంటి వాటి ఖర్చు గది అద్దెలోనే కలిసి ఉండాలి. వాటిని విడిగా వేసి, "ఇన్సూరెన్సు ఇవ్వదు, మీరే కట్టండి" అంటే ఒప్పుకోవద్దు.

సరిచేసిన బిల్లు 1,12,000 అయింది. గది 25,000, విజిట్లు 5,000, పరీక్షలు 40,000, మందులు 39,000, ఇతరాలు 3,000. బీమా లెక్క మొదలయ్యేది ఇక్కడి నుంచి.

పాలసీ ఒప్పుకున్నది నాలుగు వేల గది, మనం తీసుకున్నది ఐదు వేలది. కంపెనీ ఐదింట నాలుగు వంతులే ఇస్తుంది. అద్దెలోనే కాదు, గదిస్థాయిని బట్టి మారే డాక్టరు ఫీజులోనూ అంతే. గదిలో 5,000, విజిట్లలో 1,000, కలిపి 6,000 మన మీద పడింది. మందులకూ, వాడిపారేసే వస్తువులకూ, శరీరంలో అమర్చే స్టెంట్ల లాంటివాటికీ, పరీక్షలకూ ఈ కోత వర్తించదని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. ఐసీయూ చార్జీలకూ వర్తించదు. అప్రూవల్ లెటరులో పరీక్షల మీద కూడా ఐదో వంతు కోసి ఉంటే, మన ఉదాహరణలో అదొక్కటే ఎనిమిది వేలు. పాత పాలసీ కాగితాల్లో వాక్యం వేరుగా ఉండొచ్చు. వాదనకు దిగేముందు మీ పాలసీలో ఆ పేరా చదువుకోండి.

ఇక తగ్గింపు. ఆసుపత్రికీ బీమా కంపెనీకీ ముందే ఒప్పందం ఉంటుంది. ఇక్కడ పరీక్షల మీద 10 శాతం, అంటే 4,000. లెక్క ఈ వరుసలో సాగాలి: 1,12,000లో ఇతరాలు 3,000, గది కోత 6,000, తగ్గింపు 4,000 తీసేస్తే 99,000. దాని మీద 5 శాతం కో-పే 4,950. కంపెనీ ఇచ్చేది 94,050. మనం కట్టాల్సింది 3,000, 6,000, 4,950 కలిపి 13,950. తగ్గింపు నాలుగు వేలూ ఆసుపత్రి వదులుకున్నవి.

కౌంటరులో మాత్రం ఇంత తీరిక ఉండదు. మొత్తం బిల్లులోంచి కంపెనీ ఇచ్చింది తీసేస్తారు. 1,12,000లోంచి 94,050 పోతే 17,950. ఆసుపత్రి కంపెనీకి ఇచ్చిన నాలుగు వేల తగ్గింపు చడీచప్పుడు లేకుండా మనింటికి చేరింది. మొదట్లో ఫోనులో విన్న 19,490 ఎక్కడిదంటారా? దిద్దని బిల్లు మీద కంపెనీ ఇచ్చిన 1,00,510ని 1,20,000లోంచి తీసేస్తే వచ్చిన అంకె అది. నిజంగా కట్టాల్సినదానికి 5,540 ఎక్కువ. పైగా రెండు లక్షల పాలసీలోంచి 6,460 అనవసరంగా కరిగిపోయింది. అదే ఏడాది తల్లిని మళ్లీ చేర్చాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది.

తగ్గింపు ఎవరి మీద పడిందో పట్టుకోవడం తేలిక. కంపెనీ పంపే ఫైనల్ అప్రూవల్ లెటరులో మొత్తం బిల్లు, తగ్గింపు, కో-పే, కంపెనీ ఇచ్చేది, పేషెంటు కట్టాల్సింది వేర్వేరు వరుసల్లో ఉంటాయి. పేషెంటు వరుసలో ఉన్న అంకెకు పైన కౌంటరు ఎంత అడిగినా, అది ఏ చెల్లించని వస్తువుకని రాసివ్వమనాలి. ఒప్పుకున్న ధరకు మించి, చెల్లించని వస్తువులకు తప్ప, పేషెంటు దగ్గర వసూలు చేయరాదని క్యాష్‌లెస్ షరతుల్లోనే ఉంటుంది. మీరు ఫోనులో అడగాల్సింది కూడా బిల్లు ఫొటో కాదు, ఈ లెటరు ఫొటో. చేర్చేటప్పుడు కట్టిన అడ్వాన్సు ఉంటే దాన్ని ఈ 13,950లోంచి తీసేయడం మరవకండి.

మనవైపు వాళ్లకు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. చిత్తూరు వాళ్లకు వెల్లూరు సీఎంసీ దగ్గర, తిరుపతి వాళ్లు చెన్నైకీ, మదనపల్లె వాళ్లు బెంగళూరుకీ పోతారు. కొన్ని పాలసీల్లో ఊళ్లను జోన్లుగా విడగొట్టి, చిన్న ఊరి ప్రీమియంతో కొని మహానగరంలో చేరితే అదనంగా కో-పే వేస్తారు. ఆ శాతం పాలసీకొక తీరు. మీ అమ్మానాన్నల పాలసీలో ఈ నిబంధన ఉందో లేదో అంబులెన్సు ఎక్కకముందే, అంటే ఈ వారాంతంలోనే, చూసి పెట్టుకోండి.

కంటి శుక్లాల ఆపరేషన్, మోకీలు మార్పిడి లాంటివి ప్యాకేజీ రేటుతో చేస్తే పైన చెప్పిన గది రోజుల లెక్క, వయళ్ల లెక్క చాలావరకు పనికిరావు. అక్కడ చూడాల్సింది ప్యాకేజీలో ఏముందన్న కాగితం, దానికి బయట వేసిన వస్తువులూను.

లెక్క తేలకపోతే ఎవరి మీద ఫిర్యాదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. కోత తప్పు, కో-పే తప్పు అంటే అది కంపెనీతో తగవు. ముందు కంపెనీకి రాసి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయమే. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. రోజు ఎక్కువ వేశారు, వయళ్లు ఎక్కువ వేశారు, తగ్గింపు మన దగ్గర గుంజారు అంటే అది ఆసుపత్రితో తగవు. దాన్ని అంబుడ్స్‌మన్ ముట్టుకోరు. అది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలి, పేరు ఊళ్లో ఉన్న అమ్మదో నాన్నదో ఉంటే తిరగడం తేలిక. రెండింటికీ కావాల్సినవి ఒకటే: ఐటమ్ వారీ ఫైనల్ బిల్లు, ఫార్మసీ బిల్లులూ రిటర్న్ బిల్లులూ, అప్రూవల్ లెటరు, డిశ్చార్జ్ సమ్మరీ, కట్టిన రసీదు. కేస్‌షీటు, మందుల చార్టు కాపీలు కావాలంటే మెడికల్ రికార్డ్స్ విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని రావాలి.