ఉప్పొంగింది కొరింథు, ఓర్చుకోవలసింది పెళ్లికూతురా?

మొన్న మా బంధువుల అమ్మాయి పెళ్లిలో అయ్యగారు మొదటి కొరింథీయులకు పత్రిక 13వ అధ్యాయం చదివారు. ప్రేమ సహిస్తుందన్న చోట ఆగి, పెళ్లికూతురి వైపు తిరిగి, "అన్నీ ఓర్చుకోవాలి తల్లీ" అన్నారు. పెళ్లికొడుకు వైపు తలైనా తిప్పలేదు. కట్నం లెక్క తేలాకే ఆ పెళ్లి ఖాయమైందని అక్కడ అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది.

పౌలు ఆ మాటలు ఏ జంటకీ రాయలేదు. 55వ సంవత్సరం ప్రాంతంలో ఎఫెసు నుంచి, ముఠాలుగా చీలిన కొరింథు సంఘానికి చీవాట్లు పెడుతూ రాశాడు. వాళ్లు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు. ప్రభువు బల్ల దగ్గర కొందరు తిని తాగి మత్తెక్కుతుంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. ఎవరి వరం గొప్పదన్న పోటీ ఒకటి!

"ఉప్పొంగదు" అన్న ఒక్క మాట చూడండి. దాని గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఏడుసార్లు వస్తే, ఆరు ఈ ఉత్తరంలోనే ఉన్నాయి. మీరు ఉప్పొంగుతున్నారని 4, 5 అధ్యాయాల్లో ముఖం మీదే అన్నాడు. 13కి వచ్చేసరికి ప్రేమ ఆ పని చెయ్యదంటున్నాడు. వింటున్న కొరింథువాళ్లకు అది కవిత్వంలా కాదు, చెంపదెబ్బలా తగిలి ఉండాలి.

ఇక ప్రేమకు పౌలు వాడిన గ్రీకు మాట "అగాపే". ఆ మాటలోనే దైవప్రేమ ఉందని ప్రతి పెళ్లి ప్రసంగంలోనూ చెబుతారు. అది నిజం కాదు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో అమ్నోను తన చెల్లెలు తామారు మీద పెంచుకున్న కోరికకూ అదే మాట వాడారు. ఆమెను చెరిచి గెంటేసినవాడి కోరిక అది! కాబట్టి పవిత్రత ఆ మాటలో లేదు. పౌలు దాని పక్కన పెట్టిన క్రియల్లో ఉంది. గ్రీకులో అవన్నీ క్రియలే, ప్రేమ చేసే పనులూ చెయ్యని పనులూ. మన తెలుగు బైబిలు సహించును, దయ చూపించును అని ఆ తీరు నిలబెట్టింది. చాలా ఇంగ్లీషు అనువాదాల్లో ఆ రెండూ గుణాలై శుభలేఖల మీద అలంకారంగా మిగిలాయి.

అన్నిటినీ తాళుకోవడం 7వ వచనం. దానికి ముందే 6వ వచనంలో, ప్రేమ అన్యాయాన్ని చూసి సంతోషించదు, సత్యంతో కలిసి సంతోషిస్తుందని ఉంది. ఆరును మింగేసి ఏడును ఆడపిల్ల మెడకు కట్టడం వాక్యాన్ని దొంగిలించడమే. రేపు ఆ పిల్ల దెబ్బలు తిని పుట్టింటికొస్తే, వెనక్కి పంపడానికి ఇదే వచనం పైకి తీస్తారు.

అయ్యగారూ, వచ్చే పెళ్లిలోనూ ఆ అధ్యాయమే చదవండి. కట్నం పుచ్చుకుని ముందు వరసలో కూర్చున్నవాళ్ల వైపు తిరిగి చదవండి.